ట్రెజరీ బిల్లుకు మూడు రేట్లు: డిస్కౌంట్ రేటు, బాండ్ సమాన రాబడి, చేతిలో ఉన్న కాలపు రాబడి – దేన్ని దేనితో పోల్చాలి?

ప్రభుత్వం ఏడాదిలోపు తీర్చే షరతుతో అప్పు తెచ్చుకునేందుకు అమ్మే పత్రమే ట్రెజరీ బిల్లు. అమెరికా ట్రెజరీ శాఖ 26 వారాల బిల్లును వేలం వేసినప్పుడు, ఫలితాలలో ఆ ఒక్క బిల్లుకే రెండు రేట్లు కనిపిస్తాయి. ఒకటి High Rate, అంటే డిస్కౌంట్ రేటు. రెండోది Investment Rate, అంటే బాండ్ సమాన రాబడి. మొదటిది 5.000 శాతం ఉన్న రోజున రెండోది 5.201 శాతం ఉంటుంది. అదే రోజు ఒక బ్యాంకు ఆరు నెలల సీడీపై, అంటే నిర్ణీత గడువు డిపాజిట్‌పై, 5.30 శాతం APY ఇస్తామని ప్రకటించిందనుకుందాం. APY అంటే వడ్డీ మీద వడ్డీని కూడా కలుపుకుని చెప్పే ఏడాది రాబడి. డబ్బు దాచుకోదలచినవారి ముందు ఇప్పుడు మూడు సంఖ్యలున్నాయి. ఈ మూడూ తప్పు కావు, కానీ మూడూ ఒకే కొలతతో కొలిచినవి కావు. కనుక వాటిని వరుసగా పెట్టి పెద్దదానిని ఎంచుకుంటే, ఆ ఎంపిక సరైనదైనా అది కాకతాళీయమే.

ఈ వ్యాసంలోని ఉదాహరణలన్నీ అమెరికా బిల్లులవే, ఎందుకంటే డిస్కౌంట్ రేటుతో ధర చెప్పే అలవాటు అక్కడ ఇంకా కొనసాగుతోంది. భారత ప్రభుత్వ బిల్లుల పద్ధతి వేరు. దాని గురించి చివరలో చెబుతాను. ఉదాహరణలలోని రేట్లు లెక్క తేలికగా ఉండేందుకు ఎంచుకున్నవే తప్ప ఫలానా రోజు వేలంలో వచ్చినవి కావు.

ముందుగా అడగవలసిన మూడు ప్రశ్నలు

ఏ రాబడి సంఖ్య కనిపించినా మూడు విషయాలు తేల్చుకోవాలి. లాభాన్ని దేనితో భాగించారు? మీరు పెట్టిన ధరతోనా, లేక గడువు రోజున వచ్చే ముఖ విలువతోనా? సంవత్సరానికి ఎన్ని రోజులు లెక్కగట్టారు, 360 రోజులా, 365 రోజులా? చేతికి వచ్చిన వడ్డీని మళ్ళీ పెట్టుబడిగా పెడతారని ఊహించారా, ఊహిస్తే ఎంత కాలానికి ఒకసారి? ఈ మూడు ప్రశ్నలకూ ఒకే జవాబు ఉన్న రెండు సంఖ్యలనే పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. ఒక్క జవాబు మారినా ముందు ఒకదానిని మార్చుకుని, ఆ తరువాతే పోల్చాలి.

డిస్కౌంట్ రేటు: ధర తెలుసుకోవడానికి మాత్రమే

బిల్లుపై మధ్యలో వడ్డీ ఇవ్వరు. ముఖ విలువకంటే తక్కువకు కొంటాం, గడువు రోజున పూర్తి ముఖ విలువ తీసుకుంటాం. ఆ తగ్గింపును ముఖ విలువతో భాగించి, 360 రోజుల సంవత్సరానికి పెంచితే వచ్చేదే డిస్కౌంట్ రేటు. ట్రెజరీ బిల్లులు 1929లో మొదలైన నాటికి లెక్కలు చేతితో చేసేవారు. అప్పట్లో ఈ పద్ధతి ఎంతో సౌకర్యంగా ఉండేది, ఎందుకంటే రేటు నుంచి ధర రాబట్టడానికి ఒక గుణకారం, ఒక తీసివేత చాలు.

```
P = 100 × (1 − d × t / 360)
```

ఇక్కడ `d` డిస్కౌంట్ రేటు, `t` గడువుకు మిగిలిన రోజులు, `P` వంద డాలర్ల ముఖ విలువకు ధర. మన బిల్లుకు గడువు 182 రోజులు, రేటు 5 శాతం. తగ్గింపు 2.527778 డాలర్లు కనుక ధర 97.472222 డాలర్లు. పదివేల డాలర్ల ముఖ విలువ ఉన్న బిల్లుకు మీరు చెల్లించేది 9,747.22 డాలర్లు, గడువు రోజున అదనంగా వచ్చేది 252.78 డాలర్లు.

ఈ రేటు మీకు రాబడిని తక్కువ చేసి చూపుతుంది, దానికి కారణాలు రెండు. మీరు పెట్టింది 97.47 డాలర్లైతే అది 100తో భాగిస్తుంది. సంవత్సరంలో 365 రోజులుంటే అది 360తో సరిపెడుతుంది. మన ఉదాహరణలో ఏ కారణం వాటా ఎంతో కూడా విడదీయవచ్చు. 360ని 365గా మారిస్తే 5 శాతం కాస్తా 5.069 అవుతుంది, దానిని ధరతో భాగిస్తే 5.201 అవుతుంది. అంటే తేడాలో దాదాపు మూడింట రెండు వంతులు భాగించే అంకె వల్ల వచ్చినదే.

రేట్లు తక్కువగా ఉన్న రోజులలో దీనిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు, పట్టించుకోవలసిన పని కూడా లేదు. 91 రోజుల బిల్లు డిస్కౌంట్ రేటు 1 శాతం ఉంటే బాండ్ సమాన రాబడి 1.016 శాతమే. రేటు పెరిగినకొద్దీ, గడువు పొడవైనకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. అందువల్లనే వేర్వేరు గడువుల బిల్లులను డిస్కౌంట్ రేటుతో పోల్చకూడదు. 91 రోజుల బిల్లు, 182 రోజుల బిల్లు రెండూ 5 శాతం డిస్కౌంట్ రేటుకే దొరికితే మొదటిదాని బాండ్ సమాన రాబడి 5.134 శాతం, రెండోదానిది 5.201 శాతం. రేటు ఒకటే కదా, డబ్బు త్వరగా చేతికొచ్చేది మేలని 91 రోజులది కొన్నవారు, తమకు తెలియకుండానే కొంత వదులుకున్నట్టు.

బాండ్ సమాన రాబడి: ఇతర పెట్టుబడులతో పోల్చడానికి

ట్రెజరీ వేలం ఫలితాలలో Investment Rate అని, రోజువారీ రేట్ల పట్టికలో Coupon Equivalent అని కనిపించేది ఇదే. గడువు అర్ధ సంవత్సరానికి మించని బిల్లుకు సూత్రం తేలికైనది.

```
BEY = (100 − P) / P × 365 / t
BEY = 365 × d / (360 − d × t)
```

రెండు వరుసలూ ఒకే జవాబునిస్తాయి. ధర తెలిస్తే మొదటిది, డిస్కౌంట్ రేటు మాత్రమే తెలిస్తే రెండోది వాడుకోవచ్చు. రెండోదానిలో 5 శాతాన్ని 0.05గా పెట్టాలి. మన బిల్లుకు పైన 18.25, కింద 350.9 వస్తాయి. భాగిస్తే 0.0520, అంటే 5.201 శాతం. బిల్లు జారీ అయిన రోజు నుంచి ఏడాదిలోపు ఫిబ్రవరి 29 ఉంటే ట్రెజరీ శాఖ 365కు బదులు 366 వాడుతుంది. మీ లెక్కకూ అధికారిక సంఖ్యకూ మధ్య చిన్న తేడా వస్తే ముందు చూడవలసింది ఇదే.

స్ప్రెడ్‌షీట్ వాడేవారు ఒక్క విషయం గమనించాలి. `TBILLYIELD` అనే ఫంక్షన్ పేరు చూసి అదే బాండ్ సమాన రాబడి అనుకునేవారున్నారు. అది ధరతోనే భాగిస్తుంది కానీ సంవత్సరానికి 360 రోజులే లెక్కిస్తుంది, కనుక మన బిల్లుకు 5.130 శాతం అని చూపుతుంది. బాండ్ సమాన రాబడికి ఉన్న ఫంక్షన్ `TBILLEQ`.

అసలు చిక్కు 52 వారాల బిల్లుతో వస్తుంది. బాండ్లు ఆరు నెలలకు ఒకసారి వడ్డీ ఇస్తాయి. బిల్లు గడువు అర్ధ సంవత్సరం దాటితే, ఆ బాండుతో న్యాయంగా పోల్చడానికి, మొదటి ఆరు నెలల వడ్డీని మళ్ళీ పెట్టుబడిగా పెట్టినట్టు ఊహించి రాబడి కట్టాలి. అందుకే ఇక్కడ పై తేలిక సూత్రం చెల్లదు, వర్గ సమీకరణం కావాలి.

```
a = t / (2 × 365) − 0.25
b = t / 365
c = (P − 100) / P
BEY = (−b + sqrt(b² − 4ac)) / (2a)
```

364 రోజుల బిల్లు డిస్కౌంట్ రేటు 4.80 శాతం అనుకుందాం. ధర 95.146667 డాలర్లు. తేలిక సూత్రంతో కడితే 5.115 శాతం వస్తుంది, వర్గ సమీకరణంతో కడితే 5.051 శాతం. రెండోదే అధికారిక పద్ధతి. సంఖ్య తగ్గిందని కంగారు పడనవసరం లేదు. ధర మారలేదు, మీకొచ్చే డాలర్లూ మారలేదు. ఏడాదికి 5.115 శాతం ఇచ్చేదానిని ఆరు నెలలకు ఒకసారి వడ్డీ ఇచ్చే బాండు భాషలో చెబితే దాదాపు 5.05 అవుతుంది, అంతే. 52 వారాల బిల్లును తేలిక సూత్రంతో కట్టి, రెండేళ్ళ ట్రెజరీ నోటు రాబడి పక్కన పెట్టేవారు బిల్లుకు 0.064 శాతం మేర లేని ఆధిక్యం అంటగడుతున్నారు.

చేతిలో ఉన్న కాలపు రాబడి: మీ జేబుకు చెందిన లెక్క

ఇందులో సంవత్సరం అనే మాటే లేదు. ఎంతకు కొన్నారు, ఎంత వచ్చింది అనేవే ప్రశ్నలు.

```
HPR = (అమ్మిన ధర లేదా ముఖ విలువ − కొన్న ధర) / కొన్న ధర
```

గడువు దాకా ఉంచుకుంటే మన 26 వారాల బిల్లుకు ఇది 2.593 శాతం. ఈ సంఖ్యలో ఊహలేమీ లేవు కనుక మూడింటిలోనూ నిక్కచ్చిగా నమ్మదగినది ఇదే. కానీ కాలం తెలియకపోతే దీనికి అర్థమే లేదు. 2.593 శాతం మంచిదా కాదా అన్నది 182 రోజులకా, 300 రోజులకా అన్నదానిని బట్టి ఉంటుంది.

ఒకే బిల్లుకు వచ్చే సంఖ్యలన్నీ ఒకచోట చూద్దాం. సీడీ ప్రకటనలతో పోల్చడానికి వీలుగా చివరి వరుసలో APY కూడా చేర్చాను. అందుకు చేతిలో ఉన్న కాలపు రాబడికి 1 కలిపి, 365/182 ఘాతానికి పెంచి, మళ్ళీ 1 తీసివేయాలి.

| కొలత | దేనితో భాగించారు | సంవత్సరం | తిరిగి పెట్టుబడి ఊహ | 182 రోజుల బిల్లుకు |
|---|---|---|---|---|
| డిస్కౌంట్ రేటు | ముఖ విలువ | 360 | లేదు | 5.000% |
| బాండ్ సమాన రాబడి | కొన్న ధర | 365 | అర్ధ సంవత్సరం లోపు లేదు | 5.201% |
| చేతిలో ఉన్న కాలపు రాబడి | కొన్న ధర | లేదు | లేదు | 2.593% |
| APY | కొన్న ధర | 365 | ఉంది | 5.269% |

సీడీయా, బిల్లా?

మొదట చెప్పిన 5.30 శాతం సీడీ దగ్గరకు వద్దాం. 5.201కీ 5.30కీ మధ్య పదో వంతు శాతం తేడా ఉన్నట్టు కనిపిస్తుంది. APYని APYతోనే పోలిస్తే తేడా 5.269కీ 5.30కీ మధ్య ఉన్నదే, అంటే దాదాపు 0.03 శాతం. డాలర్లలో చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. బిల్లుకు పెట్టే 9,747.22 డాలర్లనే సీడీలో 182 రోజులు ఉంచితే వడ్డీ 254.26 డాలర్లు. బిల్లుపై వచ్చేది 252.78 డాలర్లు. సీడీ గెలుపు డాలరున్నర.

ఇక్కడ మీరు ఏ రాష్ట్రంలో ఉంటున్నారన్నది ఆ డాలరున్నరకంటే చాలా పెద్ద విషయం. ట్రెజరీ బిల్లు వడ్డీపై ఫెడరల్ ఆదాయపు పన్ను ఉంటుంది కానీ రాష్ట్ర, స్థానిక ఆదాయపు పన్నులు ఉండవు. సీడీ వడ్డీకి ఆ మినహాయింపు లేదు. డాలస్‌లోనో సియాటిల్‌లోనో ఉద్యోగం చేసే మనవారికి వడ్డీపై రాష్ట్ర ఆదాయపు పన్ను ఎలాగూ లేదు కనుక, వారికి సీడీ ఆ కాస్త మెరుగే. కాలిఫోర్నియాలో 9.3 శాతం శ్లాబులో ఉన్నవారికి సీడీ వడ్డీ 254.26 డాలర్లపై రాష్ట్ర పన్నే 23.65 డాలర్లు. వారికి బిల్లు దాదాపు 22 డాలర్లు ఎక్కువ మిగులుస్తుంది. ఒకే బిల్లు, ఒకే సీడీ, రెండు రాష్ట్రాలలో రెండు జవాబులు. బాండ్ సమాన రాబడి అనే సంఖ్యలో పన్ను ప్రస్తావనే ఉండదని మరచినవారు తప్పటడుగు వేసేది ఇక్కడే.

గడువుకు ముందే అమ్మవలసి వస్తే

ఇల్లు కొనడానికి ముందస్తు చెల్లింపు కోసమో, పిల్లల ఫీజు కోసమో దాచిన డబ్బు మూడు నెలలకే అవసరపడవచ్చు. అప్పుడు Investment Rate చెప్పిన 5.201 శాతానికి ఎవరూ హామీ ఉండరు. అది గడువు దాకా ఉంచుకున్నవారి లెక్క. 91 రోజుల తరువాత అమ్మితే ధరను నిర్ణయించేది ఆ రోజు మార్కెట్లో, ఇంకా 91 రోజులు మిగిలిన బిల్లుకు పలికే రేటు.

| అమ్మే రోజు డిస్కౌంట్ రేటు | పదివేల ముఖ విలువకు అమ్మకపు ధర (డాలర్లు) | లాభం (డాలర్లు) | 91 రోజుల రాబడి | ఏడాదికి పెంచితే |
|---|---|---|---|---|
| 4.50% | 9,886.25 | 139.03 | 1.426% | 5.721% |
| 5.00% | 9,873.61 | 126.39 | 1.297% | 5.201% |
| 5.50% | 9,860.97 | 113.75 | 1.167% | 4.681% |

మధ్య వరుసలో ఒక విశేషం ఉంది. డిస్కౌంట్ రేటు మారకపోతే బిల్లు ధర రోజుకు ఒకే మొత్తం చొప్పున, సరళరేఖలా పెరుగుతుంది. అందుకే సగం కాలానికి సరిగ్గా సగం లాభం వచ్చింది. అయితే రేటు మారలేదని చెప్పుకుంటున్న ఆ రోజున, మీ దగ్గర కొన్న వ్యక్తికి దక్కే బాండ్ సమాన రాబడి 5.134 శాతమే. అంటే డిస్కౌంట్ రేటు కదలకపోయినా రాబడి నిజానికి కొంచెం తగ్గింది, ఆ తగ్గుదల మీకు కలిసివచ్చింది. బాండ్ సమాన రాబడి 5.201 వద్దే నిలిచి ఉంటే మీరు అమ్మే ధర 9,871.99 డాలర్లు, లాభం 124.77 డాలర్లు, ఏడాదికి పెంచితే 5.134 శాతం. మార్కెట్ కదలలేదు అనే మాటకు కూడా ఏ కొలతలో కదలలేదన్నదానిని బట్టి డాలరున్నర తేడా వస్తుందన్నమాట.

తక్కువ రోజులలో అమ్మేవారికే ప్రమాదం ఎక్కువ. కొన్న 14 రోజులకే అమ్మితే, ఇంకా 168 రోజులు మిగిలిన బిల్లుకు డిస్కౌంట్ రేటు 5.417 శాతానికి చేరి ఉంటే చాలు, మీకు వచ్చిన లాభం సున్నా. రేటు అంతకు మించి పెరిగితే నష్టమే. దీనికి తోడు కొనే ధర, అమ్మే ధర ఒకటి కావు. డీలరు మీ దగ్గర కొనడానికి చెప్పేది బిడ్, మీకు అమ్మడానికి చెప్పేది ఆస్క్. డిస్కౌంట్ రేటులో చెప్పే బిడ్ సంఖ్య ఆస్క్ సంఖ్యకంటే పెద్దదిగా కనిపిస్తుంది. కొత్తవారు అది చూసి తడబడతారు, కానీ పెద్ద రేటు అంటే తక్కువ ధర. మీరు అమ్మేది ఆ తక్కువ ధరకే. ట్రెజరీ శాఖ నుంచి నేరుగా కొనే వెబ్‌సైటైన ట్రెజరీడైరెక్ట్ ఖాతాలో ఉన్న బిల్లును అక్కడే అమ్మడం కుదరదు, ముందు బ్రోకరు ఖాతాకు బదిలీ చేయించుకోవాలి. మధ్యలో అమ్మే అవకాశం ఏ మాత్రం ఉన్నా మొదటి నుంచే బ్రోకరు ఖాతాలో కొనడం మంచిదని నా అభిప్రాయం.

26 వారాలా, 52 వారాలా?

మన ఉదాహరణలో పొట్టి బిల్లు బాండ్ సమాన రాబడి 5.201, పొడవు బిల్లుది 5.051. రెండూ అధికారిక పద్ధతిలో కట్టినవే కనుక పోల్చడానికి అభ్యంతరం లేదు, కానీ పోలిక అక్కడితో ఆగకూడదు. ఏడాది పాటు డబ్బుతో పని లేనివారు పొట్టి బిల్లు కొంటే ఆరు నెలల తరువాత మళ్ళీ కొనాలి, అప్పటి రేటు ఎంత ఉంటుందో ఎవరికీ తెలియదు. వారు వేసుకోవలసిన లెక్క చేతిలో ఉన్న కాలపు రాబడితో ఉంటుంది. పొడవు బిల్లు 364 రోజులకు 5.101 శాతం ఖాయంగా ఇస్తుంది. పొట్టి బిల్లు మొదటి 182 రోజులకు 2.593 శాతం ఇస్తుంది. 1.05101ని 1.02593తో భాగిస్తే దాదాపు 1.02444 వస్తుంది. అంటే రెండో 182 రోజులకు కనీసం 2.444 శాతం వస్తేనే పొట్టి బిల్లు వెనుకబడదు. ఏడాదికి పెంచితే అది సుమారు 4.90 శాతం. ఆరు నెలల తరువాత రేట్లు అంతకంటే కిందికి దిగుతాయని భావించేవారికి, పైకి తక్కువగా కనిపించే 5.051 శాతమే మెరుగైన బేరం. అప్పటికీ ఐదు శాతం దగ్గరే ఉంటాయనుకునేవారు పొట్టి బిల్లు తీసుకోవచ్చు.

భారత బిల్లుల రాబడిని పక్కన పెట్టేవారికి

రిజర్వు బ్యాంకు 91, 182, 364 రోజుల ట్రెజరీ బిల్లులను వేలం వేస్తుంది. 2021 నవంబరులో మొదలైన ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్ ద్వారా వ్యక్తులు కూడా వాటిని కొనవచ్చు. అక్కడ చెప్పే రాబడి మొదటి నుంచీ కొన్న ధరతో భాగించి, 365 రోజులకు కట్టినదే. డిస్కౌంట్ రేటు అనే తికమక ఉండదు. కానీ 364 రోజుల బిల్లుకు కూడా అదే తేలిక సూత్రం వాడతారు, వర్గ సమీకరణం జోలికి పోరు. కనుక మన 95.146667 ధరనే భారత పద్ధతిలో చెబితే 5.115 శాతం, అమెరికా పద్ధతిలో 5.051 శాతం. హైదరాబాద్‌లోనూ న్యూజెర్సీలోనూ ఖాతాలున్న కుటుంబాలు రెండు దేశాల ఏడాది బిల్లులను పోల్చదలిస్తే, రూపాయి మారకం విలువ గురించి ఆలోచించే ముందే అమెరికా బిల్లు ధరను తీసుకుని తేలిక సూత్రంతో మళ్ళీ కట్టుకోవాలి. 91, 182 రోజుల బిల్లులకు ఈ శ్రమ అవసరం లేదు. Investment Rateను నేరుగా భారత బిల్లు రాబడి పక్కన పెట్టవచ్చు, High Rateను మాత్రం పెట్టకూడదు.